సగం ధర బాబాయి

సగం ధర బాబాయి లేని కుటుంబం ఉండదు. ఆయన ఏదీ కొనడు, అన్నీ మిగులుస్తాడు. దసరా ముందు ఆన్‌లైన్ సేల్ తెరిచే అర్ధరాత్రికి అలారం పెట్టుకుని లేస్తాడు. నాలుగో రోజున డబ్బా ఇంటికొస్తే దానికి ఎంత పెట్టాడో చెప్పడు, ఎంత తగ్గిందో మాత్రం వీధి చివరిదాకా చెబుతాడు. “మూడు వేలు మిగిల్చానురా!” అంటాడు. ఆ మిగిలిన మూడు వేలూ ఏ పోపులపెట్టెలో ఉన్నాయో చూపించమని పిన్ని అడిగితే, నీకు మార్కెట్ తెలియదు పొమ్మంటాడు. నిజానికి ఆ ఇంట్లో మార్కెట్ తెలిసింది పిన్నికే. కూరల బండి దగ్గర ఆవిడ బేరం మొదలుపెట్టేది ఇవాళ్టి ధరతో కాదు, “మొన్న ముప్ఫైకే ఇచ్చావుగా” అనే మాటతో. ధర చరిత్ర అంటే అంతకన్నా మరేమీ లేదు.

బాబాయి పొరపాటు లెక్కలో లేదు, కొలబద్దలో ఉంది. ఆయన తగ్గింపును ఎంఆర్‌పీ నుంచి కొలుస్తాడు. డబ్బా మీద అచ్చేసిన ధర అబద్ధమెలా అవుతుందని వాదిస్తాడు కూడా. అబద్ధమేమీ కాదు. కానీ అది ఇంతకు మించి అమ్మకూడదని చెప్పే హద్దు మాత్రమే, ఇంతకు అమ్ముతున్నారని చెప్పే సాక్ష్యం కాదు. ఆ అంకె వేసుకునేది తయారీదారే. హద్దు ఎంత ఎత్తున గీస్తే తగ్గింపు శాతం అంత ఘనంగా కనిపిస్తుంది.

ఉదాహరణకు ఒక మిక్సీ అనుకుందాం. ఎంఆర్‌పీ 6,500. ఏడాదిలో ఎక్కువ నెలలు అది 3,400కే దొరికింది. ఆగస్టు మధ్యలో 3,900కి ఎక్కింది. సెప్టెంబరు చివర సేల్‌లో 3,250. బ్యానర్ మీద యాభై శాతం తగ్గింపు అని రాస్తారు. బాబాయి దాన్ని సెప్టెంబరు మొదట్లో, 3,900 ఉన్న రోజున విష్‌లిస్టులో వేసుకున్నాడు కాబట్టి, అప్పటితో పోలిస్తే 650 తగ్గినట్టు, అంటే పదహారు పదిహేడు శాతం, ఆయనకు కనిపిస్తుంది. మామూలు ధరతో పోల్చి చూస్తే తగ్గింది 150 రూపాయలు, అయిదు శాతం కూడా లేదు. వస్తువు ఒక్కటే, తగ్గింపులు మూడు. బాబాయి మొదటిదాన్నే నమ్ముతాడు. పాపం, అందులోనే ఆనందం ఎక్కువ మరి.

ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి అమలైన నిబంధన ప్రకారం, తగ్గింపు ప్రకటించే దుకాణం అంతకు ముందు కనీసం 30 రోజుల్లోని అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలి. మంచి నిబంధనే. కానీ మన మిక్సీ ధర పెరిగి ముప్ఫై రోజులు దాటాకే సేల్‌కి వచ్చింది కాబట్టి, ఆ లెక్కలోనూ పాత ధర 3,900గానే తేలుతుంది. అందుకే కీపా లాంటి ధర చరిత్ర సైట్లో గ్రాఫ్‌ను ఏడాది పొడవునా పరిచి చూడాలి. అందులోనూ అట్టడుగు బిందువును చూసి ఆశపడకూడదు. అది ఎవరో ఒక అమ్మకందారు ఒక్క పూట పెట్టిన ధర కావచ్చు. గీత ఎక్కువ కాలం ఎక్కడ చదునుగా నడిచిందో అదే మామూలు ధర. ఆ ధరను విష్‌లిస్టులో వస్తువు పక్కన రాసి పెట్టుకుంటే ఆ జాబితాకు అర్థం ఉంటుంది. లేకపోతే అది కోరికల చిట్టా. బాబాయి జాబితాలో పడవ నడిపే యంత్రం కూడా ఉంది. ఆయన ఉండేది అపార్టుమెంటు మూడో అంతస్తులో.

బ్యాంకు కార్డు మీద వచ్చే తగ్గింపు, కూపన్లు, పాత వస్తువు మార్పిడి ఇవేవీ గ్రాఫ్‌లో కనపడవు కదా అని ఆయన అడ్డుపడతాడు. నిజమే, ఇక్కడ బాబాయి గెలిచాడు. పది శాతం కార్డు తగ్గింపుకు గరిష్ఠ పరిమితి ఎంతో చూసి, చివరికి చెల్లించే మొత్తాన్నే మామూలు ధరతో పోల్చాలి. ఫోన్ల సంగతీ వేరు. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర మెట్లు దిగుతుంది కనుక నిరుటి ధరతో పోల్చితే ప్రతి రోజూ పండగలాగే ఉంటుంది. మోడల్ నంబరులో ఒక్క అక్షరం మార్చి కొత్త పేజీ తెరిస్తే అసలు చరిత్రే ఉండదు. అప్పుడు పాత నంబరు గ్రాఫ్ తీసి, రెంటికీ తేడా ఏమిటో చదువుకోవాలి.

ఇదంతా బాబాయికి అర్థం కాక కాదు. నేర్పితే మనకన్నా బాగా నేర్చుకుంటాడు. నెల తిరక్కుండా కుటుంబ వాట్సాప్ గ్రూపు నిండా గ్రాఫులు పంపుతాడు, ఎర్ర గీతతో సున్నాలు చుట్టి మరీ. ఇప్పుడాయన మరో మిక్సీ తెప్పించాడు. గ్రాఫ్ ప్రకారం తగ్గింపు నిక్కమైనదే, ఏడాదిలో అంత తక్కువకు ఎన్నడూ లేదు. పాతది ఇంకా సుబ్బరంగా తిరుగుతోందని పిన్ని గుర్తుచేస్తే, “దానికి గ్రాఫ్ చూసి కొనలేదే!” అన్నాడు.