తనిఖీ తాపీగా, చేరిక తక్షణం

ఆఫర్ లెటర్‌పై సంతకానికి రెండు రోజులే గడువిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు మాత్రం గడువే ఉండదు. పోర్టల్లో ‘ఇన్‌సఫిషియెంట్’ అన్న ముక్క వేలాడుతుంటుంది, ఏం తక్కువైందో చెప్పరు. మూతపడిన పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు ఏజెన్సీ మెయిల్ మీద మెయిల్ కొడుతుంటుంది. తెరిచే నాథుడేడీ? ‘సార్, నా ఉద్యోగం ఉన్నట్టేనా?’ అని రాస్తే బేలతనం. ‘ఆ కంపెనీ మూతపడింది. ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీ, ఫారం 16, రిలీవింగ్ లెటర్ జతచేశాను, ఇవి సరిపోతాయా? ఇక్కడ నా నోటీసు 60 రోజులు. తనిఖీ ఎప్పటికి తేలుతుందో చెబితే అప్పుడే రాజీనామా ఇస్తాను’ అని రాయండి. కంగారు మీది కాదు, క్యాలెండర్‌ది అన్నట్టుంటుంది. జవాబూ వస్తుంది: ‘తొందరపడకండి, ప్రాసెస్‌లో ఉంది. ఇంతకీ సోమవారం చేరగలరా?’