గోవిందుడు అందరివాడే, గొంతు మాత్రం కాదు

అడక్కుండా వాడుకుంటే ఏమవుతుందో లేపాక్షికి దాదాపు 500 ఏళ్లుగా తెలుసు. రాజుగారిని అడక్కుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని విరూపణ్ణ మీద నింద పడిందట. శిక్ష పడేదాకా ఆగకుండా ఆయనే తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడని స్థలపురాణం. ఆ గోడ మీద రెండు ఎర్రటి మరకలను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. ఆ మరకల ముందే నిలబడి, ఫోను ఎత్తి, ఎవరి పాటో వెనక తగిలించి రీలు చేసే కుర్రాళ్లకు మాత్రం ఈ కథలో నీతి ఏదీ కనిపించదు.

హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు బైకు మీద వెళ్లి, తెల్లవారుజామున నందిని తీసిన ఒక కుర్రాడి సంగతే చూద్దాం. నంది ముఖం మీద తొలి ఎండ, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగడం, నాగలింగం చుట్టూ ఒక చుట్టు. మొత్తం 75 సెకన్లు. వెనక, ఊరంతా పొద్దున్నే వినే సుప్రభాతం, ఊరంతా గుర్తుపట్టే గొంతులో. యూట్యూబ్ షార్ట్స్‌లో పెట్టి టీ అంగడికి వచ్చి కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ కాకముందే వీడియో ఆగిపోయింది.

“మా గుడి, మా దేవుడు, మా అమ్మ దినామూ పెట్టే పాట. మధ్యలో వీడెవడప్పా?”

టీ అంగడి అంటేనే ఉచిత న్యాయసలహా కేంద్రం. 30 సెకన్ల లోపు వాడితే ఎవరూ అడగరని ఒకరన్నారు. స్పీడు కాస్త పెంచితే కంపెనీకి తెలీదని ఇంకొకరు. కింద “నో కాపీరైట్ ఉద్దేశం” అని రాసి, దండం బొమ్మ పెడితే చాలని మూడో ఆయన. ఈ మూడూ సలహాల రూపంలో ఉన్న మూఢనమ్మకాలు. 30 సెకన్ల మినహాయింపు ఏ చట్టంలోనూ లేదు. దండం బొమ్మను యంత్రం చదవదు. 2007 నుంచి యూట్యూబ్ నడుపుతున్న కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు వేలిముద్రల యంత్రం లాంటిది. కంపెనీలు తమ రికార్డులను ముందే దానికి ఇచ్చి ఉంచుతాయి. కొత్తగా ఎక్కే ప్రతి వీడియోలోని శబ్దాన్నీ అది వాటితో పోల్చి చూస్తుంది. స్పీడు కొద్దిగా మార్చినా చాలాసార్లు పట్టేస్తుంది. పట్టకపోతే మిగిలేది పాట కాదు, ఉడుత గొంతులో సుప్రభాతం.

అయితే ఆ కుర్రాడి వీడియో ఆగింది పాట ఒక్కదానివల్లే కాదు, నిడివి వల్ల కూడా. 2024 అక్టోబర్ 15 నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఉండొచ్చన్నారు కానీ, పక్కనే ఒక మెలిక పెట్టారు. నిమిషం దాటిన షార్ట్ మీద కంటెంట్ ఐడీ క్లెయిమ్ ఉంటే దాన్ని ఎక్కడా ఆడనివ్వరు. అతను నాగలింగం చుట్టు తీసేసి 50 సెకన్లకు కుదించాడు. క్లెయిమ్ అట్లాగే ఉంది, వీడియో మాత్రం ఆడింది. ఈ క్లెయిమ్‌ను చూసి జనం స్ట్రైక్ అనుకుని బెంబేలెత్తుతారు. రెండూ వేరు. క్లెయిమ్ అంటే “ఈ పాట మాది, దీనిమీద వచ్చేది మాకు” అనడం. దానితో చానల్‌కు ముప్పు లేదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం తీయించేయడం. 90 రోజుల్లో మూడు పడితే చానల్‌కు తద్దినమే.

ఇక అసలు ప్రశ్న: సుప్రభాతం ఎవరిది? రాసింది ప్రతివాది భయంకరం అణ్ణన్, 15వ శతాబ్దం. ఆ మాటల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ పాట అంటే మాటలొక్కటే కాదు. మాటలు ఒక పొర, వరుస ఇంకో పొర, ఆ గొంతును పట్టి ఉంచిన రికార్డు మూడో పొర. ఒక్కో పొరకు ఒక్కో యజమాని, ఒక్కో గడువు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాటలకూ వరుసకూ కర్త పోయాక 60 ఏళ్లు, రికార్డుకు విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు. అందుకే, ఘంటసాల భగవద్గీతలో శ్లోకాలు వ్యాసుడివైనా రికార్డు వ్యాసుడిది కాదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశాక వచ్చిన రికార్డు అది. తక్కువలో తక్కువ 2034 చివరి దాకా దానికి యజమాని ఉంటాడు. అంతిమయాత్ర బండిలో ఆ గీత మోగితే ఎవరూ అడగరు. నిజమైన మతకార్యంలో పాట వినిపించడానికి చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, పెళ్లి ఊరేగింపును కూడా అందులో కలిపింది. ఆ బండి వెనకాలే నడుస్తూ రీలు తీసి ఎక్కించడం మాత్రం మతకార్యం కిందికి వస్తుందని వాదించి నెగ్గడం కష్టం.

ధర్మవరంలో సమస్య ఇంకో రకం. అక్కడ ఒక పట్టుచీరల కొట్టాయన పెద్దంచు పెళ్లిచీర మడత విప్పుతుంటే వెనక అన్నమయ్య కీర్తన రావాలన్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పాట వెతికాడు. పక్క వీధి కుర్రాడి ఫోన్లో కనిపించే ఆ కీర్తన తన ఫోన్లో కనిపించలేదు. ఫోను పాడైందనుకుని రిపేరు అంగడికి కూడా తీసుకెళ్లాడు. పాడైంది ఫోను కాదు, ఆయన ఖాతా వ్యాపార ఖాతా. సంగీత కంపెనీలతో ఆ యాప్ చేసుకున్న ఒప్పందం సొంత సరదాకే గానీ సరుకు అమ్ముకోవడానికి కాదు. అందుకని వ్యాపార ఖాతాలకు ఆ పాటల అర తెరుచుకోదు. వాళ్లకు మెటా సౌండ్ కలెక్షన్ అని వేరే గది ఉంది. అందులో వేణువు ఉంటుంది, వీణలాంటిదేదో ఉంటుంది, అన్నమయ్య ఉండడు. కొట్టాయన కొడుకు ఖాతాను వ్యక్తిగతానికి మార్చేశాడు. పాట వచ్చింది. కానీ చీర ధర, కొట్టు నంబరు రాసిన వీడియో అమ్మకమే కదా. ఖాతా పేరు మారినంత మాత్రాన అనుమతి పుట్టదు.

“అన్నమయ్య పోయి 500 ఏళ్లు దాటింది గదా, ఇంకెవరికి కట్టాల?” అని కొడుకు అడిగాడు. ప్రశ్న మంచిదే. అన్నమయ్య 1503లో పోయాడు, మాటలు స్వేచ్ఛే. వరుస దగ్గరే చిక్కు. రాగిరేకుల్లో చాలా కీర్తనలకు రాగం పేరు ఉంది గానీ, ఎట్లా పాడాలో లేదు. ఇవాళ పాడుతున్న వరుసలు ఎక్కువగా 20వ శతాబ్దం వాళ్లు కట్టినవి. అందులో పెద్దాయన ఈ సీమవాడే, అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. ఆయన 1979లో పోయారు. అంటే ఆయన కట్టిన వరుసకు, హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా, 2039 చివరి దాకా గడువుంది. 1997 నాటి ‘అన్నమయ్య’ సినిమా రికార్డుకైతే 2057 చివరి దాకా. కీర్తన ఒకటే, గడువులు మూడు. ఆ లెక్కలు విన్నాక కొట్టాయన మగ్గం దగ్గరికి పోయి, నాడె కొట్టే చప్పుడునే రికార్డు చేసుకుని చీర కింద పెట్టాడు. చీర బాగానే కనిపించింది.

సొంతంగా రికార్డు చేస్తే ఏ తలనొప్పీ ఉండదనుకునేవాళ్లు పెనుకొండ రావాలి. కోట దిగువన ఒక ఆంజనేయస్వామి గుడి. కియాలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన ఒక భక్తుడు అయ్యవారిని బతిమాలి హనుమాన్ చాలీసా చదివించి ఫోన్లో పట్టాడు. తులసీదాసు 16వ శతాబ్దం వాడు, అయ్యవారు సరేనన్నారు, చదివింది పాటగా కాదు, వచనంలా. అన్నీ సవ్యంగా ఉన్నాయి. అయినా క్లెయిమ్ వచ్చింది. ఎందుకో అర్థంకాక చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే తెలిసింది: అయ్యవారు ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ వేపచెట్టుకు కట్టిన మైకులోంచి ఇంకో చాలీసా, తబలాతో సహా. మనిషి చెవి దాన్ని గుడి వాతావరణం అనుకుంటుంది. యంత్రానికి అది రిజిస్టరైన రికార్డు.

యూట్యూబ్ స్టూడియోలో Erase song అని ఒక మీట ఉంది. మాటలు ఉంచి పాటను చెరిపేస్తానంటుంది. నొక్కాడు. పాటతో పాటు అయ్యవారి గొంతునూ సగం మింగింది. మధ్యాహ్నం గుడి తలుపులేసి, ఆంప్లిఫయర్ ప్లగ్ పీకించి, మళ్లీ చదివించాక గానీ పని కాలేదు. ఈసారి ఎక్కించేటప్పుడు వెంటనే పబ్లిక్ చేయకుండా ప్రైవేట్‌లో పెట్టి, Checks అనే మెట్టు దగ్గర తనిఖీ ముగిసేదాకా ఆగాడు. అయ్యవారి దగ్గర “నా గొంతు వాడుకోవచ్చు” అని వాట్సాప్‌లో ఒక్క ముక్క కూడా రాయించుకున్నాడు. పాడినవాడికి, చదివినవాడికి తన ప్రదర్శన మీద చట్టంలో 50 ఏళ్ల హక్కు వేరే ఉంది మరి.

వెనక వట్టి తంబురా శ్రుతి పెట్టుకుంటే? అదీ ఒక్కోసారి దొరికిపోతుంది. ఆస్ట్రేలియాలో సెబాస్టియన్ టామ్‌జాక్ అనే సంగీతకారుడు తానే తయారుచేసిన పది గంటల ఉత్త హోరు వీడియో మీద 2018 జనవరి నాటికి ఐదు క్లెయిములు పడ్డాయి. పాట లేదు, మాట లేదు, పాత టీవీలో చుక్కలు పడితే వచ్చే చప్పుడు మాత్రమే. ఆ హోరుకే ఐదుగురు యజమానులు పుట్టుకొచ్చినప్పుడు ఓంకారానికి పుట్టరని ఎవరు చెప్పగలరు? ఇట్లాంటి తప్పుడు క్లెయిమ్ పడితే వివాదం దాఖలు చేయొచ్చు. అవతలివాళ్లకు 30 రోజుల గడువు. వాళ్లు పలక్కపోతే క్లెయిమ్ పోతుంది. “నో కాపీరైట్ భక్తి మ్యూజిక్” అని ఎవరో పెట్టిన వేణువు వాడుకున్నవాడికి మాత్రం వివాదంలో చూపించడానికి ఏమీ ఉండదు. తీసుకున్న రోజే లైసెన్సు రాసిన పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకున్నవాడే అప్పుడు నిమ్మళంగా పడుకుంటాడు.

మళ్లీ హిందూపురం కుర్రాడి దగ్గరికి. అతనికి చివరికి దారి ఇంట్లోనే దొరికింది. వాళ్లవ్వ, తనకు వాళ్లమ్మ నేర్పిన మంగళహారతి పాడుతుంది. ఎవరు రాశారో, ఎవరు వరుస కట్టారో ఊళ్లో ఎవరికీ తెలీదు. వంటింట్లో ఫ్యాను ఆపి, కుక్కర్ దించి, దుప్పటి కింద ఫోను పెట్టి 40 సెకన్లు పట్టాడు. నంది మీద ఎండ, వెనక అవ్వ గొంతు. క్లెయిమ్ లేదు. చూసినవాళ్లు వేలల్లో.

వారం తిరక్కుండానే ఆ గొంతు ఎవరిదో అగరుబత్తీల ప్రకటన కింద వినిపించింది. యాప్‌లోని మీట నొక్కి తీసుకున్నది కాదు, వీడియో దించుకుని, గొంతు కోసి అతికించినది. కుర్రాడికి ఒళ్లు మండింది. పనులన్నీ మానేసి, తీయించేయడానికి పెట్టాల్సిన అర్జీ తెరిచి కూర్చున్నాడు.

“అడక్కుండా ఎట్లా వాడుకుంటారవ్వా? అది మన సొత్తు. ఇక్కడ ఓనరు పేరు రాయమంటున్నారు, నా పేరు రాస్తాండా.”

అవ్వ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తింది.

“పాడింది నేను గదరా. నువ్వెప్పుడు అడిగితివి నన్ను?”