పేమెంట్ మెయిలు దిద్దేవాళ్లకు అందే తప్పుడు సలహాలు

గుంటూరు నుంచి మలేషియాకు మిర్చి పంపే ఒక చిన్న వ్యాపారి ఉన్నాడనుకుందాం. ఇన్వాయిస్ 28,000 డాలర్లు. ముందుగా 30 శాతం వచ్చింది. బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూపాక రావాల్సిన 19,600 డాలర్లు రాలేదు. హడావిడిలో ఆయన ఇలా రాశాడు: "సర్, బ్యాలెన్స్ నాట్ కమ్. యూ సెండ్ పేమెంట్? బ్యాంక్ టెల్లింగ్ నథింగ్. ప్లీజ్ ఫాస్ట్." దీన్ని దిద్దమని మీకిచ్చాడు. ఇక సలహాలు మొదలవుతాయి.

"రాసినాయన్ని అడగక్కర్లేదు, గ్రామర్ సరిచేసేయ్."
ఇది నష్టం తెచ్చే సలహా. "యూ సెండ్ పేమెంట్?" అంటే పంపారా అనా, పంపుతారా అనా? ఊహించి "మీరు ఇంకా చెల్లించలేదు" అని దిద్దితే ప్రశ్న కాస్తా నింద అవుతుంది. కొనుగోలుదారు డబ్బు ఎప్పుడో పంపి ఉండొచ్చు, అది మధ్యలోని బ్యాంకులో ఆగి ఉండొచ్చు. మన వ్యాపారికి కచ్చితంగా తెలిసింది తన ఖాతాలో పడలేదన్నదొక్కటే. కాబట్టి "మాకు అందలేదు" అని రాయాలి. మిగతాది రాసినాయన్నే అడిగి తెలుసుకోవాలి.

"మర్యాద మాటలు బాగా దట్టించు."
క్షేమం అడిగి, పాత స్నేహం గుర్తుచేసి, చివర "దయచేసి పరిశీలించగలరు" అంటే అవతలి అకౌంట్స్ గుమాస్తా ఏం పరిశీలించాలి? మొదటి వాక్యంలోనే ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం ఉండాలి. తేదీలో నెలను పేరుతో రాయాలి. 05/06 అంటే ఒకరికి జూన్, మరొకరికి మే. తర్వాత అడగాల్సింది ఒక్కటే: పంపి ఉంటే స్విఫ్ట్ కాపీ, అందులోని UETR నంబరు ఇవ్వండి, పంపకపోతే ఏ తేదీన పంపుతారో చెప్పండి. ఆ నంబరు చేతిలో ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో మన బ్యాంకు వెతకగలదు.

"పనిలో పనిగా బ్యాంకు వివరాలు మళ్లీ టైప్ చెయ్యి."
ఒక్క అంకె తప్పు పడితే డబ్బు తిరిగి వెళ్లడమో, ఇంకెక్కడికో చేరడమో జరుగుతుంది. పైగా మెయిలు ఖాతాలోకి చొరబడి ఖాతా నంబరు మార్చే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి, కొత్తగా కనిపించే వివరాలు కొనుగోలుదారుకూ అనుమానం తెస్తాయి. "ఇన్వాయిస్‌లో ఉన్న ఖాతాకే" అంటే చాలు.

చివరికి మెయిలు ఇలా వస్తుంది: "వీ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద బ్యాలెన్స్ ఆఫ్ 19,600 యూఎస్ డాలర్స్ ఫర్ అవర్ ఇన్వాయిస్. ఇఫ్ యూ హ్యావ్ సెంట్ ఇట్, ప్లీజ్ షేర్ ద స్విఫ్ట్ కాపీ. ఇఫ్ నాట్, ప్లీజ్ టెల్ అజ్ ద డేట్." ఇన్వాయిస్ నంబరు, తేదీ మాత్రం అసలు కాగితం ముందు పెట్టుకుని వ్యాపారే నింపాలి. పంపేముందు ఆయనకు దాని అర్థం తెలుగులో చెప్పండి. తాను అనాలనుకున్నది అదేనని ఆయన ఒప్పుకున్నాకే పంపండి.