వరండా పోయింది, మూడొందలూ రాలేదు

ఇంట్లో ట్యూషన్ పెట్టిన ఇల్లాళ్ల భర్తలారా, మీకు వేరే చెప్పాలా? సాయంత్రం అయిదు కొట్టిందంటే మన వరండా మనది కాదు. పడక్కుర్చీ గోడకు చేరుతుంది, చదవని పేపరు ఎవరి కిందో పరుచుకుంటుంది, టీవీ మౌనవ్రతం పడుతుంది, గడప ముందు ముప్ఫై జతల చెప్పులు గుట్టపడతాయి. ఆ గుట్టలో నా జత తవ్వి తీసుకుని టీ కొట్టు చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడ నా గోడు వినే నాథుడు దొరుకుతాడు కాబట్టి బతికి ఉన్నాను. 1889లో మా ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పటినుంచి ఈ నేల కింద పోయింది చాలా ఉంది. నేల మీద పోయింది మాత్రం నా వరండాయే.

నేను సింగరేణిలో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెబుతుంది. నెలకు 600, జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు. బోర్డు లేదు, కరపత్రం లేదు. ఒక పిల్లాడికి మార్కులు పెరిగితే ఆ కబురు కూరగాయల బండి దగ్గర ఇంకో తల్లి చెవిన పడేది, మర్నాటికి ఇంకో జత చెప్పులు చేరేవి. అలా ఊరికే వస్తున్న పిల్లల్ని ఊరికే రానిస్తే పోయేది. "పాపం, చెప్పి పంపేవాళ్లకు ఏమన్నా ఇద్దామండీ" అంది ఆవిడ. వెంటనే నేనొక ఆర్థిక విధానం ప్రకటించాను: ఒకర్ని చేర్పిస్తే మీ ఫీజులో నెలకు వంద తగ్గింపు. అంతే, ఒకటే వాక్యం. మన రాజ్యాంగం ఇంత చిన్నగా ఎందుకు లేదా అని ఆశ్చర్యపోయాను. ఎందుకు లేదో నెల తిరక్కుండానే తెలిసింది.

వెనక వీధి వదినగారు ఆరుగుర్ని తెచ్చారు. ఆరు వందలు తగ్గించేసరికి వాళ్లబ్బాయి ఫీజు సున్నా. మూడో నెలకు ఆ ఆరుగురిలో నలుగురు మానేశారు. తగ్గింపు మాత్రం మానలేదు, ఎన్నాళ్లిస్తామో మేం చెప్పలేదు కదా! ముగ్గురు కూర్చుంటున్నారు, ఇద్దరి ఫీజే వస్తోంది. పైగా మానేసిన నలుగురిలో ఇద్దరు రెండో తరగతి వాళ్లు. ఎక్కాలైనా రాని ఆ పసివాళ్లు పదో తరగతి బీజగణితం మధ్య కూర్చుని నెలంతా ఏడ్చారు. ఆవిడకు కావలసింది ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు, ఖాళీలు అక్కడున్నాయి. కానీ తలకింత అని ధర పెడితే తలలే వస్తాయి. ఏ తరగతి తల అని అడిగే బాధ్యత ఎవరిది? నాదేనట.

అది చిన్న సంక్షోభం. తర్వాత సరిహద్దు వివాదాలు మొదలయ్యాయి. ఒకే అమ్మాయి కోసం ఇద్దరు తల్లులు వచ్చారు. "మేడమ్, మీ గురించి చెప్పింది నేను" అని ఒకరు. "ఇల్లు చూపించింది నేను కదక్కా" అని ఇంకొకరు. ఇద్దరికీ వంద తగ్గించి ఊపిరి పీల్చుకుంటే, ఆ అమ్మాయి తల్లికి సంగతి తెలిసింది. "మా పిల్ల బాగుపడాలని చెప్పావనుకున్నా వదినా! నెలకు వంద కోసమా?" అని నిలదీసింది. చూశారా? ఎల్‌ఐసీ ఏజెంటుకు కమీషన్ వస్తుందని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ నొచ్చుకోరు. పక్కింటి మనిషి మాటకు విలువ ఆమెకు అందులో లాభం లేదనే నమ్మకం వల్ల వస్తుంది. మేం ఇచ్చిన వందలో తప్పు లేదు, దాచి ఇవ్వడంలో ఉంది. నెలకు ఆరు వందలిచ్చి చేరిన ఆమెకేమో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇప్పుడా వదినలిద్దరూ నీళ్లకు వేర్వేరు వేళల్లో వెళ్తున్నారు.

ఈలోగా ఒక బడి మాస్టారు, తన క్లాసు పిల్లల్ని పంపితే తలకెంతని కబురు పెట్టారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. ఆయన చెప్పడం లేదు, పంపుతానంటున్నారు, నిజమే. అయినా పిల్లకు లెక్క ఎందుకు రాలేదో, ట్యూషన్‌కు ఎందుకు పంపారో రేపు తల్లిదండ్రులు కలిపి చూసుకుంటే మా ఆవిడ పరువేం కావాలి? వద్దన్నాం. ఆయన పలకరింపు కూడా పోయింది.

దాంతో అఖిలపక్షం కూర్చుంది: ఆవిడ, నేను, గోడవారన పడక్కుర్చీ. దారి చూపింది సింగరేణే. కార్మికుడికి లాభాల వాటా బొగ్గు పైకి రాగానే ఇవ్వరు. ఏడాది లెక్కలు తేలాలి, మస్టర్లు చూడాలి, ఆ తర్వాతే దసరా రోజుల్లో చేతికొస్తుంది. మా పథకానికీ మస్టరు పెట్టాం. కొత్త పిల్ల రెండో నెల ఫీజు కట్టాక, పంపినవాళ్లకు ఒక్కసారి 300 తగ్గింపు. కొత్త పిల్ల మూడో నెలలో కొనసాగితే ఆమె ఫీజులో 150 తగ్గింపు. ఇద్దరికీ ఇస్తున్నాం కనుక దాచేదేం లేదు, చేరే రోజే ఇద్దరికీ చెబుతాం. ఏడాది చదివే పిల్ల కట్టేది 6,000, అందులో మేం వదులుకునేది 450. పాత వంద అయితే పది నెలలకు వెయ్యి. నెలకే మానేస్తే ఇప్పుడు మాకు పోయేదేం లేదు. చేతికి డబ్బివ్వం, ఫీజులోనే తగ్గిస్తాం. అప్పుడు పిల్లల్ని మా దగ్గర చదివిస్తున్నవాళ్లే చెబుతారు, దళారులు రారు. ఒక ఇంటికి ఏడాదికి రెండుసార్లే, అంటే ఎంత ఎక్కువైనా ఒక నెల ఫీజు. తమ్ముళ్లు, చెల్లెళ్లు లెక్కకు రారు, ఎలాగూ వచ్చేవాళ్లే. ఏ తరగతిలో ఖాళీ ఉందో ఆ తరగతికే పథకం, నిండగానే బంద్. ఇంత శాసనం రాసినందుకు నాకు దక్కింది అరకప్పు టీ.

అన్నిటికీ మూలం ఒక నోటు పుస్తకం. కొత్తవాళ్లు గడప తొక్కిన రోజే, ఫీజు మాట రాకముందే ఒక ప్రశ్న: "ఎవరు చెబితే వచ్చారమ్మా?" వాళ్ల నోటితో వచ్చిన పేరు తేదీతో రాస్తాం. ఇద్దరి పేర్లు చెబితే చెరి సగం. తర్వాత ఎవరొచ్చి వాదించినా పుస్తకం తిప్పి చూపిస్తాం. తగాదాలు ఆగిపోయాయి. ఊళ్లో మాట ఎవరి ద్వారా నడుస్తోందో కూడా అందులోనే తేలింది.

మొన్న నేనే ఆ పుస్తకం తిరగేశాను. ఈ జూన్ నుంచి చేరిన పదకొండు మందిలో అయిదుగురి ఎదురుగా ఒకటే మాట: "మీ సారే, టీ కొట్టు దగ్గర." చెప్పుల గుట్ట గురించి నేను రోజూ పోసుకున్న గోడు వాళ్లకు వేరేగా వినిపించిందట. ఒక ఇంటి ముందు ముప్ఫై జతల చెప్పులున్నాయంటే లోపల చదువు బాగానే ఉండి ఉంటుందనుకున్నారట! నా వరండాను కబ్జా చేయించింది నేనేనన్నమాట. పోనీ, ఏడాదికి రెండు చొప్పున ఆరు వందలైనా రావాలి కదా అని దరఖాస్తు పెట్టుకున్నాను. ఆవిడ తల ఎత్తకుండానే పుస్తకం చివర ఒక కొత్త నిబంధన రాసింది.

ఇంటివాళ్లు అనర్హులు.