ఆరోగ్యం కావాలంటే అరసవల్లి వెళ్లాలి

మా శ్రీకాకుళంలో ఒంట్లో బాగులేనివాడు అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంటాడు. కంపెనీ ఒంట్లో ఎలా ఉందో తెలియాలనుకున్నవాడు వార్షిక నివేదికలో ఆడిటర్ సంతకానికి మొక్కుకుంటాడు. మొదటి మొక్కుకి కనీసం ప్రసాదమైనా దక్కుతుంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజులో దాదాపు 180 రూపాయల నుంచి 40కి పడిపోయినప్పుడు, గ్రాట్యుటీ డబ్బు అందులో పెట్టిన ఓ రిటైర్డు మాస్టారు ఏడురోడ్ల జంక్షన్లో నన్ను పట్టుకుని నిలదీశారు. ‘‘ఆడిటర్ అంతా బాగుందని రాసేడు కదా బాబూ! ఇంకేటి కావాలి?’’

‘‘ఆయన ఏం రాసేడో చదివేరా మాస్టారూ?’’

‘‘సంతకం చూసేను.’’

చదివి ఉంటే తెలిసేది. లెక్కలు తయారుచేసింది యాజమాన్యం, నా పని వాటిమీద అభిప్రాయం చెప్పడం వరకే అంటాడు ఆడిటర్. అన్నీ చూడలేదు, మచ్చుకి కొన్ని చూశాను అంటాడు. పెద్ద తప్పులేవీ లేవని చెప్పడానికి తగినంత ఆధారం దొరికింది అంటాడు. ‘పూర్తి హామీ’ అన్న మాట జోలికే పోడు. ఇంత ఒద్దికగా రాసిన కాగితాన్ని మనం కంపెనీ జాతకంలా చదువుకున్నాం.

కంపెనీ ఆరోగ్యం సంగతే తీసుకోండి. విజయనగరం జిల్లాలో ఓ చక్కెర మిల్లు మూడేళ్లుగా నష్టాల్లో ఉందనుకుందాం. రైతులకి చెరకు డబ్బులు బకాయి. ఆ నష్టాన్ని, ఆ బకాయిని పైసాతో సహా పుస్తకంలో చూపించి, మిల్లు నడుస్తుందా లేదా అన్న అనుమానాన్ని కూడా దాచకుండా రాస్తే దానికి క్లీన్ రిపోర్టు రావచ్చు. మునిగిపోతున్నట్టు సక్రమంగా లెక్క రాశారన్నదే ఆ రిపోర్టుకి అర్థం. రైతు దాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకోవచ్చు, బ్యాంకులో మాత్రం మార్చుకోలేడు.

మోసం సంగతి వేరు. 1896లోనే ఇంగ్లండులో, కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసులో, లోప్స్ అనే న్యాయమూర్తి ఆడిటర్ కాపలా కుక్కే గానీ వేట కుక్క కాదని తీర్పు చెప్పాడు. అక్కడ సరుకు నిల్వల్ని పెంచి చూపింది మేనేజరు; ఆయనిచ్చిన ధ్రువపత్రాన్నే ఆడిటర్లు నమ్మారు. ఆ రోజుల్లో అది చెల్లింది. అప్పటినుంచి ఈ వృత్తికి ఆ కుక్క మీద వల్లమాలిన ప్రేమ. ఎక్కడ కొంప మునిగినా దాన్నే ముందుకి తోస్తారు.

సత్యంలో మునిగిన కొంప కొలతలు కంపెనీ అధిపతి రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో తానే ఇచ్చాడు. 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని పుస్తకాల్లో ఉంటే, అందులో 5,040 కోట్లు లేనేలేవు. లేని డబ్బు మీద రావలసిన వడ్డీ అంటూ మరో 376 కోట్లు! అబద్ధానికి వడ్డీ కట్టడంలో కూడా ఎంత నిజాయితీ! సరిగ్గా ఆ నెల్లోనే కంపెనీకి సుపరిపాలన పేరిట గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది.

బ్యాంకులో డబ్బుందా లేదా అని తేల్చడానికి వేట కుక్క అక్కర్లేదు. ఆడిటర్ తానే బ్యాంకుకి ఉత్తరం రాసి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. వృత్తిలో అక్షరాభ్యాసం లాంటి పని ఇది. ఉత్తరం మధ్యలో కంపెనీ చేతికి చిక్కకపోవడమే అందులో కిటుకంతా. ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు అందుకోవడం కంపెనీవాళ్లకే వదిలేసేదని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తేల్చి, 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అనుమానితుడి చేతికే సమన్లిచ్చి, సాక్షిని కూడా నువ్వే తీసుకురా నాయనా అన్నట్టు!

ఇక్కడే తప్పులో వాటా పంచుకోవాలి. పుస్తకాల్లో ప్రతి దొంగ కాగితాన్నీ ఆడిటర్ పట్టేస్తాడనుకోవడం మాస్టారి అమాయకత్వం. కలిసికట్టుగా, ఫోర్జరీతో చేసిన మోసం మంచి ఆడిటర్‌నీ దాటిపోవచ్చు. కానీ చేయాల్సిన పని చేయకుండా, పట్టుబడ్డాక ‘ప్రజలకి మా మీద లేనిపోని ఆశలు’ అని పెద్దమనిషి మాటలు చెప్పడం అమాయకత్వం కాదు. జనం అత్యాశ వాళ్లకి మంచి గొడుగు, ఎండకీ వానకీ పనికొస్తుంది. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుతోపాటు ఇద్దరు మాజీ ఆడిటర్లనూ దోషులుగా తేల్చింది. గొడుగు అన్నివేళలా ఆదుకోదు మరి.

‘‘మరి మాకు తెలిసేదెలా?’’ అన్నారు మాస్టారు. ఇన్ని వేల కోట్లు చేతిలో ఉంటే కంపెనీ వాటితో ఏం చేస్తోందని అడగాల్సింది. 2008 డిసెంబరులో సత్యం, రాజు కుటుంబం వాళ్ల మేటాస్ కంపెనీలనే 160 కోట్ల డాలర్లకి కొంటామన్నప్పుడు వాటాదారులు భగ్గుమన్నారు, కొన్ని గంటల్లోనే ఆ బేరం రద్దయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని తర్వాత రాజే ఒప్పుకున్నాడు. అంటే ఆ వారం కాపలా కాసింది ఆడిటర్ కాదు, కోపమొచ్చిన జనం.

రాజు ఉత్తరం బయటపడ్డ వారానికే ప్రైస్ వాటర్‌హౌస్ కూడా ఓ ఉత్తరం రాసింది: 2000 జూన్ నుంచి 2008 సెప్టెంబరు దాకా తానిచ్చిన అభిప్రాయాల మీద ఇక ఆధారపడవద్దని. ఎనిమిదేళ్ల సంతకాలు ఒక్క కవర్లో వెనక్కి. ఫీజు వెనక్కిచ్చే ఊసు మాత్రం అందులో మాస్టారికి కనబడలేదు.