డాలరు బాబాయ్

ప్రతి కాలనీలోనూ ఒక డాలరు బాబాయ్ ఉంటాడు. అమెరికా గడ్డ మీద కాలు పెట్టి ఉండడు. కానీ ఎవరి పిల్లకి ఐ-20 వచ్చినా, ఆ సాయంత్రానికల్లా కళ్లజోడు తుడుచుకుంటూ వాళ్లింట్లో సోఫాలో ఉంటాడు. ఐ-20 అంటే వీసా కోసం యూనివర్సిటీ పంపే అర్హతపత్రం. అందులో ఖర్చు అంచనా కూడా ఉంటుంది. అందరూ యూనివర్సిటీ పేరు చూస్తారు. బాబాయ్ ఆ అంచనా పక్కనున్న నెలల సంఖ్య చూస్తాడు.

మొన్న ఎదురింటి అమ్మాయి వంతు. ట్యూషన్ 20 వేల డాలర్లు, తిండీ అద్దె కలిపి 9 వేలు, ఇన్సూరెన్స్ రెండున్నర వేలు. మొత్తం 31,500. వాళ్ల నాన్న సరిగ్గా అంతకే లోన్ మాట్లాడి, మీసం మెలేస్తున్నాడు.

"ఇది తొమ్మిది నెలల లెక్క. మిగతా మూడు నెలలూ అమ్మాయి ఎక్కడ పడుకుంటుందయ్యా?"

"సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ వస్తుంది కదా అంకుల్!"

"వస్తే పండగే తల్లీ. రాకపోతే? ఇంటి అగ్రిమెంటు ఏడాదికి రాయించుకుంటారు. నువ్వు ఉన్నా లేకున్నా అద్దె నడుస్తుంది. నెలకి వెయ్యి చొప్పున ఇంకో 3 వేలు రాసుకో."

34,500 అయింది. లోనేమో రూపాయల్లో, ఫీజేమో డాలర్లలో. రెండో సెమిస్టర్ కట్టేలోపు డాలరు రెండు రూపాయలు పెరిగితే ఎంతవుతుందో ఆయనే వేళ్ల మీద లెక్కేశాడు. మొత్తం మీద 69 వేల రూపాయలు, అంతా ఒకేసారి కట్టేది కాదు కాబట్టి అందులో సగం అన్నాడు. ఆ సగానికే నాన్నగారి మీసం కిందికి దిగింది.

క్యాంపస్ ఉద్యోగాన్ని ఆదాయంలో వేయబోతే బాబాయ్ కలం లాక్కున్నాడు. క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు, అదీ దొరికితేనే. "దొరికాక కాఫీ తాగు. ముందే ఫీజు కట్టెయ్యకు."

తర్వాత ఇన్సూరెన్స్. చాలా యూనివర్సిటీలు తమ పాలసీని అడక్కుండానే బిల్లులో కలిపేస్తాయి. బయట చవగ్గా కొనుక్కుంటే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. అయితే అది వాళ్ల నిబంధనలకి సరిపోవాలి, గడువులోగా వెయివర్ పెట్టాలి. గడువు దాటితే రెండు పాలసీలూ నెత్తిన పడతాయి. పైగా పళ్ల ఖర్చు మామూలుగా అందులో రాదు.

"నోరు తెరువమ్మా" అన్నాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి, వెనక దవడ పన్ను చూసి, "దీన్ని విమానం ఎక్కకముందే పూడ్పించు" అని బడ్జెట్‌లో రాశాడు.

నాన్నగారు చేతులు జోడించాడు. "ఇన్ని సంగతులు మీకెలా తెలుసు బాబాయ్‌గారూ?"

బాబాయ్ మాట్లాడేలోపే పిన్నిగారు అందుకున్నారు. "మా వాడి మొదటి ఏడాది అప్పు మొన్ననే తీరింది నాయనా. ఆయన ఇప్పుడు లెక్కలు చూస్తున్నది ఊరికే కాదు, ఫీజు కట్టి నేర్చుకున్నారు."