రెండు చందమామల పేచీ

‘రెండు చందమామలున్న గ్రహం’ అనే మాట వింటే చాలు, ఈమధ్య నాకు బీపీ లేస్తోంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా అక్క కొడుకు ఆఫీసు నించి రాగానే ఏఐకి ప్రాంప్టులు రాస్తూ కూచుంటాడు. ఊదారంగు అడవి, గాల్లో తేలే కొండలు, పైన జంట చందమామలు. “ఎలా ఉంది మావయ్యా?” అంటాడు. ఎలా ఉంటుంది? ఒకటి నిండు పున్నమి, దాని పక్కనే ఇంకోటి విదియనాటి నెలవంక!

చంద్రుడికి సొంత వెలుగు లేదు కదా. పొద్దు గూకే వేళ సూర్యుడి దగ్గర్లో ఉంటే నెలవంక, ఎదురుగా తూర్పున ఉంటే పున్నమి. అంచేత పక్కపక్కన కనిపించే రెండూ దాదాపు ఒకే కళలో ఉండాలి. వెలిగే అంచులు రెండూ సూర్యుడి వైపే తిరగాలి. మావాడి బొమ్మలో అవి అలిగిన వియ్యపురాళ్ళలా చెరోవైపూ తిరిగి కూచున్నాయి. పైగా నెలవంక కొమ్ముల మధ్య ఓ నక్షత్రం మెరుస్తోంది. అక్కడున్నది చంద్రుడి చీకటి భాగమయ్యా, చిల్లు కాదు! సూర్యుడు ఎడమన ఉంటే చెట్ల నీడలూ ఎడమకే పడ్డాయి.

“ఎవరు చూస్తారు మావయ్యా!”

“నేను చూస్తున్నాగా!”

ఉత్తినే ‘రెండు చందమామలు’ అంటే ఆ యంత్రం రెండు అందమైన బొమ్మలు తెచ్చి అతికిస్తుంది. అందుకని ముందు సూర్యుడి చోటు చెప్పించాను.

```
sun just set at far left, two thin crescent moons
low at left, lit edges facing the sunset
```

ఒకటి మాట విన్నది. రెండోది మొండికేసింది. చివరికి ఆ ముక్క వరకూ చెరిపించి మళ్ళీ గీయించాడు.

కొండల సంగతికి లాల్‌బాగ్ తీసుకెళ్ళాను. కెంపేగౌడ బురుజు కింద పరుచుకున్న ఆ నైస్ శిల వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ నలిగి, బూడిదరంగు, తెలుపు చారలు తేలింది. ఎండావానలకి గుండ్రంగా అరిగింది. “గాల్లో తేలేవి మానేసి ఇది రాయరా” అన్నాను. మొక్కలకీ కారణం ఉండాలి. సూర్యుడి బదులు మసక వెలుగు ఎర్ర నక్షత్రాన్ని పెట్టుకుంటే, దొరికిన వెలుగంతా పీల్చుకోడానికి ఆకులు నల్లగా ఉండొచ్చని నాసాలో పనిచేసే నాన్సీ కియాంగ్ ఏనాడో చెప్పింది. ఊదారంగు కంటే ఆ నలుపే నయం.

ఇంతా చెప్పి, ఇవాళ చంద్రుడు ఎటున్నాడో చూపించమన్నాను. వాడు ఫోను తీశాడు. వాడి బాల్కనీకి ఎదురుగా ఇంకో టవరు, దాని వెనక మరోటి. విదియ చంద్రుణ్ణి పడమట వెతుక్కునే అలవాటు వాడికెలా వస్తుంది? ఉన్న ఒక్కడూ కనపడనప్పుడు ఇద్దర్ని కోరుకోడం కూడా న్యాయమే అనిపించింది.

సరే నాయనా, రెండు కాదు, పది పెట్టుకోండి. ఆ బొమ్మ నా వాట్సాప్‌కి పంపే ముందు మాత్రం, వెలిగే అంచులన్నీ సూర్యుడి వైపే ఉన్నాయో లేదో ఒక్కసారి చూసి పంపండి.